వెళ్ళిన కర్ర వెనక్కి ఎందుకొస్తుంది?

అందరికీ నమస్కారం. ఈ బల్ల మీద రెండు కర్రలున్నాయి, ముందు వాటిని చేత్తో పట్టుకుని చూడండి. ఒకటి చిన్నది, తేలికైనది, మూడు రెక్కలది. మూడూ కలిపి 120 గ్రాములు. రెండోది పొడుగ్గా, కాస్త వంపుతో ఉంది. బరువు అర కిలో. మొదటిది బూమరాంగ్, విసిరితే తిరిగొస్తుంది. రెండోది వేటకర్ర. అది వెళ్ళిన చోటే పడుతుంది.

ఎందుకని అడిగితే చాలామంది వంపు వల్లే అంటారు. వంపున్న కర్ర కాబట్టి వంపుగా ఎగురుతుందని వాళ్ళ లెక్క. కానీ చూడండి, ఎక్కువ వంపు కనిపించే ఈ వేటకర్ర తిరిగి రాదు. వంపన్నదే లేకుండా మూడు తిన్నని పట్టీలు మధ్యలో కలిసిన ఈ చిన్నది వస్తుంది. నాలుగు రెక్కలతో కూడిక గుర్తులా ఉన్నది కూడా వస్తుంది. అసలు కారణం రెక్క అడ్డుకోతలో, బరువులో, విసిరే తీరులో ఉంది. ఈ రోజు అదే చెప్తాను.

ఈ చిన్నదాని రెక్క మీద వేలు పెట్టి నిమరండి. ఒక పక్క చదునుగా ఉంది. రెండో పక్క ఉబ్బుగా ఉంది. ముందు అంచు మొద్దుగా గుండ్రంగా ఉంటే, వెనక అంచు పల్చగా చెక్కి ఉంది. విమానం రెక్కకున్న ఆకారమే ఇది. గాలిని కోసుకుంటూ పోయినప్పుడు ఉబ్బు వైపుకి తోపు పుడుతుంది. దాన్నే లిఫ్ట్ అంటాం. విమానానికి ఈ తోపు పైకి ఉంటుంది. బూమరాంగ్‌ని మనం పడుకోబెట్టి విసరం, దాదాపు నిలువుగా పట్టుకుని విసురుతాం. కుడిచేత్తో విసిరేవాళ్ళకి ఉబ్బు ఎడమ పక్కకి ఉండాలి, పై కొన కుడివైపుకి కాస్త, ఓ పదిహేను డిగ్రీలు, వాలి ఉండాలి. అలా విసిరితే లిఫ్ట్ చాలావరకు ఎడమ పక్కకే తోస్తుంది. పైకి పోయేది కొంచెమే.

పక్కకి తోపు ఉంటే పక్కకి జరుగుతుంది సరే, మరి గుండ్రంగా ఎలా తిరుగుతుంది? ఇక్కడే నిదానంగా చూడాలి.

బూమరాంగ్ ఒకేసారి రెండు పనులు చేస్తోంది. ముందుకు పోతోంది, గిరగిరా తిరుగుతోంది. మన మూడు రెక్కలదాన్ని సెకనుకి 20 మీటర్ల వేగంతో, సెకనుకి 13 చుట్లు తిరిగేలా విసిరామనుకుందాం. రెక్క పొడవు 30 సెంటీమీటర్లు. అంటే కేవలం తిరగడం వల్లే కొనకి సెకనుకి 24.5 మీటర్ల వేగం వస్తుంది. పైకి వచ్చిన రెక్క ముందుకే తిరుగుతోంది కాబట్టి రెండు వేగాలూ కలుస్తాయి. దాని కొన గాలిని 44.5 మీటర్ల వేగంతో కోస్తుంది. కిందికి వెళ్ళిన రెక్క వెనక్కి తిరుగుతోంది కాబట్టి ఒక వేగంలోంచి ఇంకోటి తీసేయాలి. కొన దగ్గర మిగిలేది 4.5 మీటర్లే. లిఫ్ట్ వేగం మీద కాదు, వేగపు వర్గం మీద ఆధారపడుతుంది. 44.5 వర్గం దాదాపు 1980. 4.5 వర్గం దాదాపు 20. అంటే పై కొనకి తగిలే తోపు కింది కొనకంటే వంద రెట్లు! లోపలికి వచ్చేకొద్దీ తేడా తగ్గుతుంది కానీ, మొత్తం మీద పై సగాన్ని గాలి గట్టిగా ఎడమకి నెడుతుంది, కింది సగాన్ని దాదాపు వదిలేస్తుంది.

ఇలా నెడితే మామూలు వస్తువైతే పై భాగం ఎడమకి ఒరిగి పడిపోవాలి. కానీ ఇది తిరుగుతున్న వస్తువు.

మనందరం బొంగరం ఆడినవాళ్ళమే. తిరుగుతున్న బొంగరం ఒరిగితే కింద పడదు. దాని తల నెమ్మదిగా చుట్టూ తిరుగుతుంది. భూమి దాన్ని కిందికి లాగుతుంటే అది పక్కకి జరుగుతుంది. తిరిగే వస్తువులన్నిటికీ ఇదే స్వభావం. మీరు ఒక చోట తోస్తే, ఆ తోపు ఫలితం తిరిగే దిశలోనే 90 డిగ్రీలు దాటాక కనిపిస్తుంది. చక్రాన్ని ఇరుసు పట్టుకుని ముందుకి తిప్పి, పై భాగాన్ని ఎడమకి వంచబోయి చూడండి. వంగదు సరికదా, ముందు భాగం ఎడమకి తిరుగుతుంది. చేతులు వదిలేసి సైకిల్ తొక్కే కుర్రాడు ఎడమకి ఒరిగితే ముందు చక్రం ఎడమకి తిరగడంలో కూడా ఈ స్వభావానికి కొంత పాత్ర ఉంది.

బూమరాంగ్ పై భాగాన్ని గాలి ఎడమకి నెడుతోంది. పై భాగం తిరిగి వెళ్ళేది ముందుకి. కాబట్టి ముందు భాగం ఎడమకి తిరుగుతుంది. బూమరాంగ్ తన మొహాన్నే ఎడమకి తిప్పుకుంటుందన్నమాట. మొహం తిరగగానే లిఫ్ట్ దిశ కూడా దానితో పాటు తిరుగుతుంది. ఇంకాస్త ఎడమకి నెట్టుకుంటుంది, మళ్ళీ మొహం తిరుగుతుంది. అలా ఎక్కడా తెగకుండా వలయంలో తిరుగుతూ వస్తుంది. పక్కకి తోసే లిఫ్ట్ దాన్ని వలయంలో పట్టి ఉంచుతుంది, పై సగానికీ కింది సగానికీ ఉన్న తేడా మొహాన్ని తిప్పుతుంది. ఈ రెండింటిలో ఏది లేకపోయినా తిరిగి రావడం ఉండదు.

ఇప్పుడు ఆ వలయం ఎంత పెద్దది? బోర్డు మీద ఒకే ఒక లెక్క రాస్తాను. గాలి నిరోధాన్ని, భూమి ఆకర్షణని కాసేపు పక్కన పెట్టి, రెక్క అంతటా ఒకే బరువు, ఒకే వెడల్పు ఉందనుకుంటే ఇది వస్తుంది:

వలయపు వ్యాసార్థం = (2 × ఒక రెక్క బరువు) ÷ (గాలి సాంద్రత × లిఫ్ట్ గుణకం × రెక్క వెడల్పు × రెక్క పొడవు)

మన దాంట్లో ఒక్కో రెక్క 40 గ్రాములు, అంటే 0.04 కిలోలు. పొడవు 0.3 మీటర్లు, వెడల్పు 0.045 మీటర్లు. గాలి సాంద్రత ఘనపు మీటరుకి సుమారు 1.2 కిలోలు. రెక్క ఆకారం ఎంత బాగా లిఫ్ట్ ఇస్తుందో చెప్పే అంకె లిఫ్ట్ గుణకం, ఇలాంటి రెక్కకి అది 0.5 అనుకుందాం. పైన 0.08, కింద 0.0081. జవాబు దాదాపు 10 మీటర్లు. అంటే 20 మీటర్ల అడ్డుకొలత ఉన్న వలయం. మామూలు బూమరాంగ్ మైదానంలో చేసేది దాదాపు అంతే.

ఈ లెక్కలో ఏం లేదో చూశారా? విసిరే వేగం లేదు. తిరిగే చుట్లు కూడా లేవు. నేను మొదటిసారి ఈ లెక్క వేసుకున్నప్పుడు ఏదో తప్పు చేశాననుకుని మళ్ళీ మొదటి నుంచి వేశాను. తప్పు లేదు. గట్టిగా విసిరితే పైనా కిందా లిఫ్ట్ తేడా పెరుగుతుంది, మొహం తొందరగా తిరుగుతుంది. ముందుకు పోవడం ఎంత పెరిగిందో మొహం తిరగడం కూడా అంతే పెరుగుతుంది. కాబట్టి వలయం అదే, అది పూర్తయ్యే సమయమే తగ్గుతుంది. ఎక్కువ చుట్లు తిప్పితే లిఫ్ట్ తేడా పెరుగుతుంది, కానీ తిరిగే వస్తువు మొండితనం కూడా అంతే పెరుగుతుంది. రెండూ కొట్టేసుకుంటాయి. ఎంత దూరం వెళ్ళి తిరిగి రావాలన్నది చెక్కిన రోజే కర్రలో నిర్ణయమైపోతుంది. చేతి బలంతో దాన్ని పెద్దగా మార్చలేం.

అలాగని ఎలా విసిరినా వస్తుందని కాదు. వేగానికీ చుట్లకీ మధ్య ఒక పొత్తు ఉండాలి. ఇదే లెక్కని ఇంకొంచెం ముందుకు తీసుకెళ్తే, తిరగడం వల్ల కొనకొచ్చే వేగం ముందుకు పోయే వేగానికి సుమారు 1.2 రెట్లు ఉండాలని తేలుతుంది. నేను ఇందాక 20, 24.5 అన్న అంకెలు అందుకే తీసుకున్నాను. చుట్లు తక్కువైతే మొహం తిరుగుతుంది గానీ, కర్రని ఆ వలయంలోకి లాగేంత లిఫ్ట్ చాలదు. దాంతో మొహం ఒక దారి, కర్ర ఒక దారి అవుతుంది. కొత్తగా నేర్చుకునేవాళ్ళు చేసే తప్పుల్లో పెద్దది ఇదే. భుజంతో బలంగా విసురుతారు, మణికట్టు విదిలించరు. కర్ర మీ ముందు చాలా దూరంలోనే చతికిలపడితే చుట్లు చాలలేదని అనుమానించండి.

తిరిగొచ్చే బూమరాంగ్‌ని చివర్లో గమనిస్తే ఇంకో సంగతి కనిపిస్తుంది. నిలువుగా బయల్దేరిన కర్ర వచ్చేసరికి పడుకుని ఉంటుంది. మన నెత్తి దగ్గర పళ్ళెంలా తేలుతూ నెమ్మదిగా దిగుతుంది. దీనికీ అదే 90 డిగ్రీల సూత్రం కారణం. ముందు భాగానికి తగిలేది కదలని శుభ్రమైన గాలి. వెనక భాగానికి తగిలేది ముందు రెక్క అప్పటికే కలచి వదిలిన గాలి. అందుకని ముందు భాగంలో లిఫ్ట్ కాస్త ఎక్కువ. ముందు భాగాన్ని ఎడమకి నెడితే, తిరిగే దిశలో పావు చుట్టు తర్వాత, అంటే కింది భాగంలో ఫలితం కనిపిస్తుంది. కింది భాగం ఎడమకి, పై భాగం కుడికి పోతుంది. కర్ర క్రమంగా వెల్లకిలా అవుతుంది. రెండు రెక్కల బూమరాంగ్‌లో రెక్కలు అమరిన తీరు కూడా దీనికి తోడవుతుంది. ఇది అదృష్టమనే చెప్పాలి. ఎందుకంటే వేగం తగ్గేకొద్దీ బరువు మోయడానికి పైకి లిఫ్ట్ కావాలి. సరిగ్గా అప్పుడే కర్ర పడుకుని, తన లిఫ్ట్‌ని పక్క నుంచి పైకి తిప్పుకుంటుంది.

ఇది తెలియక నేను మొదటి బూమరాంగ్‌ని పళ్ళెం విసిరినట్టు అడ్డంగా విసిరాను. అడ్డంగా విసిరితే లిఫ్ట్ మొత్తం పైకే. ఇందాక ఎడమకి తిరిగిన వలయం ఇప్పుడు ఆకాశంలోకి తిరుగుతుంది. కర్ర నిట్టనిలువుగా పైకి లేచింది, పైన వేగం అయిపోయి క్షణం ఆగింది, తర్వాత ముక్కుతో కిందికి దూకింది. నేల తగిలి ఒక రెక్క నార వెంబడి చీలిపోయింది. పక్కన ఎవరూ లేరు కాబట్టి సరిపోయింది. ఆ దెబ్బ మనిషికి తగిలితే చాలా ప్రమాదం. దయచేసి ఎవరూ అడ్డంగా విసరకండి.

వలయంలో తిరగడానికి భూమి ఆకర్షణతో పని లేదని గమనించారా? వలయానికి కావలసింది గాలి మాత్రమే. 2008 మార్చిలో జపాన్ వ్యోమగామి తకావో దోయి అంతర్జాతీయ అంతరిక్ష కేంద్రంలో మూడు రెక్కల చిన్న బూమరాంగ్‌ని విసిరి చూశారు. బరువన్నదే తెలియని ఆ చోట కూడా, లోపల గాలి ఉంది కాబట్టి, అది తిరిగి ఆయన దగ్గరికే వచ్చింది.

ఇక ఈ పెద్ద కర్ర దగ్గరికి వద్దాం. దీని రెండు పక్కలూ నిమరండి. రెండు పక్కలా దాదాపు ఒకేలాంటి ఉబ్బు. కాబట్టి లిఫ్ట్ తక్కువ. గుణకం 0.2 అనుకుందాం. ఒక్కో రెక్క పావు కిలో, 40 సెంటీమీటర్ల పొడవు, 5 సెంటీమీటర్ల వెడల్పు. అదే లెక్కలో వేస్తే పైన 0.5, కింద 0.0048. వ్యాసార్థం 104 మీటర్లు.

అంటే వేటకర్ర వేరే జాతి వస్తువేమీ కాదు. దీనికీ వలయం ఉంది, కానీ పది రెట్లు పెద్దది. ఆ వలయంలో చిన్న ముక్క తిరిగేసరికే నేల మీద పడిపోతుంది. చిన్న బూమరాంగ్ 60 మీటర్ల దారి పోయేసరికి ఒక చుట్టు దాదాపు పూర్తిచేసి మన దగ్గరికి వచ్చేస్తుంది. ఈ కర్ర అదే 60 మీటర్లలో మొహాన్ని 33 డిగ్రీలే తిప్పుకుంటుంది.

కానీ వేటగాడికి ఆ 33 డిగ్రీలు కూడా పనికిరావు. వేటకర్రని నేలకి దాదాపు సమాంతరంగా విసురుతారు, లిఫ్ట్ దాని బరువుని కొంతైనా మోసి దూరం పోనివ్వాలని. అలాంటప్పుడు మొహం తిరగడమంటే ముక్కు పైకి లేవడమే. 33 డిగ్రీలు లేస్తే జంతువు నెత్తి మీంచి పోతుంది. మరి లిఫ్ట్ కావాలి, మొహం తిరగకూడదు. ఈ రెండూ ఎలా కుదురుతాయి?

ఇక్కడ చెక్కేవాళ్ళ పనితనం ఉంది. మొహాన్ని తిప్పే బలం ఎక్కువగా కొనల దగ్గర పుడుతుంది. అక్కడ వేగం తేడా ఎక్కువ, పైగా మధ్య నుంచి దూరం ఎక్కువ. బరువు మోసే లిఫ్ట్ మాత్రం మధ్య భాగం నుంచి కూడా బాగానే వస్తుంది. కాబట్టి మధ్యలో లిఫ్ట్ ఉంచి, కొనల దగ్గర దాన్ని చంపేయాలి, లేదా కొద్దిగా కిందికి తోసేలా మెలిపెట్టాలి. అప్పుడు తిప్పే బలాలు ఒకదాన్నొకటి కొట్టేసుకుంటాయి, మోసే బలం కొంత మిగులుతుంది. కర్ర నేలకి తక్కువ ఎత్తులో తిన్నగా పోతుంది. ఆస్ట్రేలియా ఆదివాసులు కర్రని వేడి చేసి, మెత్తబడ్డాక రెక్కని మెలిపెట్టి, చల్లారేదాకా అలాగే పట్టుకునేవారు. మెలి ఒకటి రెండు మిల్లీమీటర్లు మారినా ఎగిరే తీరు మారిపోతుంది. విసరడం, చూడడం, మళ్ళీ వేడి చేయడం. లెక్కలు లేకుండా, కళ్ళతో చూసి ఇది సాధించారంటే నాకు ఇప్పటికీ గౌరవంతో మాట రాదు.

తిరిగొచ్చే కర్రతోనే వేటాడొచ్చు కదా అని చాలామంది అడుగుతారు. అంకెలు చూడండి. 120 గ్రాముల కర్ర సెకనుకి 20 మీటర్ల వేగంతో పోతే, ముందుకు పోయే కదలికలో ఉన్న శక్తి 24 జౌళ్ళు. అర కిలో కర్ర 25 మీటర్ల వేగంతో పోతే 156 జౌళ్ళు. కంగారూనో ఈమూనో పడగొట్టాలంటే రెండోదే కావాలి. వలయం చిన్నది కావాలంటే బరువు తగ్గాలి, దెబ్బ గట్టిగా ఉండాలంటే బరువు పెరగాలి. ఒకే కర్రలో రెండూ కుదరవు. పైగా దేనికైనా తగిలిన కర్ర ఎలాగూ తిరిగి రాదు.

అందుకే ఆస్ట్రేలియాలో కూడా ఎక్కువ భాగం తిరిగిరాని కర్రలే. బూమరాంగ్ అన్న మాట సిడ్నీ ప్రాంతపు దారుగ్ భాష నుంచి వచ్చింది. వేటకర్రకి నైరుతి ఆస్ట్రేలియాలోని నూంగార్ ప్రజల మాట కైలీ. తిరిగొచ్చేదాన్ని ఆటకి వాడేవారు. ఇంకో తెలివైన వాడకం కూడా ఉంది. బాతుల గుంపు మీదుగా దాన్ని విసిరితే బాతులు డేగ అనుకుని కిందికి దిగుతాయి, ముందే కట్టిన వలల్లో చిక్కుతాయి. అక్కడ కర్ర దేన్నీ కొట్టనక్కర్లేదు. వేటకర్రలు ఆస్ట్రేలియాకే పరిమితం కావు. పోలాండ్‌లోని ఒబ్లాజోవా గుహలో మామత్ దంతంతో చేసిన వంపు కర్ర దొరికింది. దాదాపు 70 సెంటీమీటర్ల పొడవు. దాని నమూనాలు చేసి విసిరి చూస్తే అవి ఎగిరాయి, తిరిగి రాలేదు. ఆ బరువుకి అది సహజమే.

ప్రశ్న: (సభ నుంచి) మరి ఈ చిన్నదాన్నే ఇంకా దూరం పంపాలంటే ఏం చేయాలండీ?

మంచి ప్రశ్న. గట్టిగా విసిరితే లాభం లేదని చూశాం కదా. కొనలకి బరువు కట్టాలి. ఒక్కో కొనకి 5 గ్రాముల నాణెమో సీసం ముక్కో టేపుతో అంటించండి. బరువు పెరిగేది 12 శాతమే, కానీ అది కొనలో ఉంది కాబట్టి తిరిగే మొండితనం దాదాపు 37 శాతం పెరుగుతుంది. వలయం వ్యాసార్థం 10 మీటర్ల నుంచి 13.5 దాటుతుంది. పోటీల్లో దూరం విసిరేవాళ్ళు ఇదే పని చాలా ముందుకు తీసుకెళ్ళారు. సన్నటి రెక్కలు, తక్కువ లిఫ్ట్, కొనల్లో దాచిన బరువు. 1999లో స్విట్జర్లాండ్‌కి చెందిన మాన్యుయెల్ షుట్జ్ విసిరినది 238 మీటర్ల దూరం వెళ్ళి తిరిగొచ్చింది. అది చేతిలో పట్టుకుంటే బూమరాంగ్ కంటే వేటకర్రకే దగ్గర చుట్టంలా ఉంటుంది.

దీనికో హద్దు ఉంది. వలయం పెద్దదైతే దారి పొడుగవుతుంది, ఆ దారి పొడవునా గాలి వేగాన్ని తింటూనే ఉంటుంది. నాణెం ఎక్కువ బరువుదైతే కర్ర అవతలి వంపు వరకు చక్కగా పోయి, మీవైపు తిరిగి, మీకు పాతిక అడుగుల దూరంలో శక్తి అయిపోయి గడ్డిలో పడుతుంది. అలా పడిందంటే టేపు విప్పి, కొంచెం తేలికైన నాణెం పెట్టి మళ్ళీ విసరండి.